‘పర్లేదు’ని ఇంగ్లిష్‌లో ఏమంటారు? సీన్లతో ఇంగ్లిష్ నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కో పాఠంలో ఏముంటుంది?

ఒక చిన్న సీన్ ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక సందర్భం, ఎనిమిది నుంచి పది డైలాగులు. మొత్తం నిమిషంలోపే అయిపోతుంది. చూడటానికి సినిమాలోంచి ఓ ముక్క కత్తిరించినట్టు ఉంటుంది గానీ, పాఠం కోసమే రాసిన సీన్ అది. అందులో నేర్చుకోవాల్సిన ఫ్రేజులు రెండో మూడో ఉంటాయి, మహా అయితే ఐదు. మిగతా మాటలన్నీ మీకు ముందే తెలిసినవై ఉండాలి. చుట్టూ ఉన్న మాటలు తెలిస్తేనే కొత్త మాట దేనికి వచ్చిందో మనంతట మనకే తడుతుంది. ఒక సీన్‌లో పది కొత్త మాటలుంటే అది మీ స్థాయికి రాసినది కాదు. దాన్ని పక్కన పెట్టి ఇంకాస్త తేలికైన సీన్ తీసుకోండి.

ఫ్రేజులన్నీ ఒక పట్టికలో రాసుకుని బట్టీ పడితే సరిపోదా? సీన్ ఎందుకు?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబుగా ఒక్క తెలుగు మాట తీసుకుంటాను: పర్లేదు.

పట్టికలో ‘పర్లేదు’ ఎదురుగా ‘నో ప్రాబ్లమ్’ అని ఉంటుంది. అది చదివి గుర్తుపెట్టుకుంటారు. ఇక ఎక్కడ పర్లేదు అనాలనిపించినా నోట్లోంచి ‘నో ప్రాబ్లమ్’ వచ్చేస్తుంది. కానీ రోజుకు ఎన్ని రకాలుగా పర్లేదు అంటామో ఒక్కసారి గమనించండి. ఎవరైనా సారీ చెబితే పర్లేదంటాం. ఏదైనా ఇవ్వబోతే, వద్దు అనడానికీ పర్లేదంటాం. ఏదో అడగబోయి మానుకున్నా అదే మాట. పని ఎలా ఉందంటే, ఫలానా టైమ్ కుదురుతుందా అంటే, మళ్లీ అదే. ఇంగ్లిష్‌లో వీటిలో ఒక్కోదానికీ వేరే మాట ఉంది. ఈ సీన్ చూడండి. ఆఫీసులో ఒకావిడ చెయ్యి తగిలి, పక్క సీటు అతని కాగితాల మీద నీళ్లు ఒలికాయి. సరిగ్గా అప్పుడే అతను ఆవిణ్ని ఏదో అడగబోతున్నాడు.

ఆమె: ఓ నో! ఐ యామ్ సో సారీ!
అతను: డోన్ట్ వర్రీ అబౌట్ ఇట్.
ఆమె: షల్ ఐ గెట్ యు సమ్ టిష్యూస్?
అతను: ఐ యామ్ గుడ్, థాంక్స్.
ఆమె: వాట్ వర్ యు గోయింగ్ టు ఆస్క్ మీ?
అతను: నెవర్ మైండ్. ఇట్ కెన్ వెయిట్.
ఆమె: సో, హౌ ఈజ్ మై రిపోర్ట్?
అతను: నాట్ బ్యాడ్.
ఆమె: కెన్ వి టాక్ అబౌట్ ఇట్ ఎట్ ఫోర్?
అతను: ఫోర్ వర్క్స్ ఫర్ మీ.

ఈ సీన్‌ని తెలుగులో ఆడితే అతను ఐదుసార్లూ ‘పర్లేదండి’ అని గట్టెక్కేయొచ్చు. ఇంగ్లిష్‌లో కుదరదు. ‘డోన్ట్ వర్రీ అబౌట్ ఇట్’ అనేది సారీకి జవాబు. ‘ఐ యామ్ గుడ్, థాంక్స్’ అంటే నేను మంచివాణ్ని అని కాదు, నాకేం అక్కర్లేదు అని. ‘నెవర్ మైండ్’ అంటే ఆ సంగతి ఇప్పటికి వదిలేయండి అని. ‘నాట్ బ్యాడ్’ అంటే ఫర్వాలేదు, బాగానే ఉంది అని. ‘వర్క్స్ ఫర్ మీ’ అంటే ఆ టైమ్ నాకు కుదురుతుంది అని.

ఇప్పుడు రెండో జవాబు తీసేసి అక్కడ ‘నో ప్రాబ్లమ్’ పెట్టి చదవండి. టిష్యూలు తెమ్మంటారా అని ఆవిడ అడిగింది, ఇతను నో ప్రాబ్లమ్ అన్నాడు. తెమ్మన్నాడా, వద్దన్నాడా? ఆవిడకు అర్థం కాదు, బహుశా వెళ్లి తెచ్చేస్తుంది. ఇందులో వ్యాకరణం తప్పు ఏమీ లేదు. ఆ మాటకు ఆ చోట పని లేదు, అంతే. పట్టిక మాటను చూపిస్తుంది, మాట కూర్చునే చోటును చూపించదు. ఆ చోటు కనపడాలంటే ముందు ఎవరు ఏమన్నారో తెలియాలి. సీన్ చేసేది ఆ పనే.

‘నెవర్ మైండ్’, ‘డోన్ట్ మైండ్’ ఒకటేనా?

కాదు. ‘ఏమీ అనుకోకండి’ని మనం ‘డోన్ట్ మైండ్’ అని మార్చేసి వాడుతుంటాం. ఎవరైనా నొచ్చుకుంటారేమో అనిపిస్తే ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లు ‘నో అఫెన్స్’ అనో, ‘ఐ హోప్ యు డోన్ట్ మైండ్’ అనో అంటారు. ‘నెవర్ మైండ్’ మాత్రం కాస్త చూసి వాడండి. అవతలివాళ్లు శ్రద్ధగా ‘ఏమైంది, చెప్పు’ అని అడిగినప్పుడు ఒట్టి ‘నెవర్ మైండ్’ అనేస్తే, నీకు చెప్పినా లాభం లేదులే అన్నట్టు వినిపించవచ్చు. అందుకే సీన్‌లో దాని వెనకే ‘ఇట్ కెన్ వెయిట్’ అని పెట్టాను. ఇప్పుడే తొందరేం లేదు అని ఆ రెండో ముక్క చెబుతుంది.

‘వుడ్ యు మైండ్’ అని అడిగితే ‘యస్’ అనాలా, ‘నో’ అనాలా?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఎంతమంది టెన్షన్ పడటం చూశానో! దీని మీద విడిగా ఒక సీన్ ఉంది. లైబ్రరీలో ఒకాయన చదువుకుంటున్నాడు. ఎదురు కుర్చీ ఖాళీ. ఒకమ్మాయి వచ్చింది.

అమ్మాయి: ఎక్స్‌క్యూజ్ మీ. వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ శాట్ హియర్?
ఆయన: నాట్ ఎట్ ఆల్. గో ఎహెడ్.
అమ్మాయి: థాంక్ యు. అండ్ వుడ్ యు మైండ్ మూవింగ్ యువర్ బ్యాగ్?
ఆయన: ఓ, సారీ. దేర్ యు గో.

మనవాళ్లు ఈ ప్రశ్నను ‘కూర్చోవచ్చా?’ అని అర్థం చేసుకుంటారు. కూర్చోవచ్చా అంటే మర్యాదగా ‘యస్, యస్’ అనాలనిపిస్తుంది కదా! కానీ ఇక్కడ ‘మైండ్’ అంటే అభ్యంతరం. ఆ అమ్మాయి అడిగింది ‘నేనిక్కడ కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా?’ అని. తెలుగులో ఇలా అడిగితే మనం ‘అవును’ అంటామా? ‘అబ్బే, లేదండీ, కూర్చోండి’ అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే. ‘నాట్ ఎట్ ఆల్’ అంటే ‘అబ్బే, ఏమాత్రం లేదు’. మైండ్ అన్న మాట వినపడగానే మనసులో ‘అభ్యంతరం’ అనుకోండి, జవాబు దానంతటదే సరిగ్గా వస్తుంది.

నిజం చెప్పాలంటే ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు కూడా దీనికి ‘షూర్, గో ఎహెడ్’ అంటుంటారు. లెక్కప్రకారం తిరకాసుగా ఉన్నా, గొంతులో స్వాగతం ఉంటుంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. కానీ ముఖం మీద నవ్వు లేకుండా ఒట్టి ‘యస్’ అంటే మాత్రం ‘అవును, అభ్యంతరమే’ అని వినపడే ప్రమాదం ఉంది. అనుమానంగా ఉంటే యస్, నో రెండూ వదిలేసి ‘గో ఎహెడ్’ అనండి.

ఇంకో తేడా కూడా ఆ సీన్‌లోనే ఉంది. ‘ఇఫ్ ఐ’ వస్తే పని చేసేది అడిగినవాళ్లు. ‘మూవింగ్’ లాగా చివర ‘ఇంగ్’ వస్తే పని చేయాల్సింది మీరు. రెండో ప్రశ్నకు ఆయన బ్యాగ్ తీయాల్సి వచ్చింది అందుకే. ‘నాట్ ఎట్ ఆల్’ అని చెప్పి చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోదన్నమాట.

‘డిడ్‌న్ట్ హి కమ్?’ అంటే ఏం చెప్పాలి?

‘అతను రాలేదా?’ అంటే తెలుగులో ‘అవును, రాలేదు’ అనొచ్చు. అడిగినవాళ్ల మాటను ఒప్పుకుంటున్నాం కాబట్టి అవును అంటాం. ఇంగ్లిష్‌లో అడిగినవాళ్ల మాటతో పని లేదు, జరిగిందా లేదా అన్నదే లెక్క. రాలేదు కాబట్టి ‘నో, హి డిడ్‌న్ట్’. వచ్చి ఉంటే ‘యస్, హి డిడ్’. ఒట్టి యస్, నోలతో ఆపకుండా వెనక ఆ చిన్న ముక్క కూడా పెడితే, మొదటి మాట పొరపాటున జారినా అర్థం చెడదు.

తెలుగులో ‘అండి’, ‘గారు’ ఉన్నాయి. ఇంగ్లిష్‌లో మర్యాద ఎక్కడ పెట్టాలి?

చాలామంది ‘ప్లీజ్’లో పెడతారు, లేదా ప్రతి వాక్యం చివరా ‘సర్’ తగిలిస్తారు. ‘గివ్ మీ ద ఫైల్, ప్లీజ్’ అన్నా ఇంగ్లిష్ చెవికి అది మర్యాదగా వేసిన ఆర్డరే. తెలుగులో ‘ఇవ్వండి’ అనేది ఆజ్ఞార్థకమే అయినా, ‘అండి’ దాని పదును పూర్తిగా తీసేస్తుంది. ఇంగ్లిష్ క్రియకు అలా తగిలించే తోక లేదు. అందుకని వాక్యాన్నే ప్రశ్నగా తిప్పాలి.

ఒకే కోరికను ముగ్గురితో చెప్పించే సీన్ ఒకటి రాశాను. స్నేహితుడితో ‘కెన్ యు పాస్ మీ దట్ ఫైల్?’. కొత్తగా పరిచయమైన సహోద్యోగితో ‘కుడ్ యు పాస్ మీ దట్ ఫైల్?’. తీరిక లేకుండా ఉన్న పెద్ద ఆఫీసరుతో ‘డు యు థింక్ ఐ కుడ్ హ్యావ్ ఎ లుక్ ఎట్ దట్ ఫైల్?’. దూరం పెరిగేకొద్దీ వాక్యం పొడుగవుతుంది. మనం ‘నువ్వు’ నుంచి ‘మీరు’కి, ‘మీరు’ నుంచి ‘తమరు’కి వెళ్లే దారి లాంటిదే ఇది. మూడోదాన్ని స్నేహితుడితో వాడి చూడండి. వాడు ‘ఏంట్రా, నా మీద కోపంగా ఉన్నావా?’ అంటాడు. అతి మర్యాద కూడా దూరం పెట్టినట్టే వినిపిస్తుంది. ఎదురుగా ఎవరున్నారో కనపడకుండా ఈ మూడింటి తేడా నేర్పడం నాకైతే చేతకాలేదు.

‘ఉంటాను మరి’, ‘వెళ్లొస్తాను’ ఎలా చెప్పాలి?

వీటిని మాటకు మాట మారిస్తే అవతలివాళ్లు తికమకపడతారు. బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అనడం బాగోదని మనం ‘వస్తాను’ అంటాం. అదే అలవాటుతో ‘ఐ విల్ కమ్’ అంటే, మళ్లీ ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తారు. నేను మొదట్లో ఫోన్ పెట్టేసే ముందు ‘ఓకే, ఐ విల్ కీప్ ద ఫోన్’ అనేవాణ్ని. అవతల ఒక క్షణం నిశ్శబ్దం వచ్చేది. అది ఎందుకో చాలాకాలం తెలియలేదు. ఫోన్ నా దగ్గరే ఉంచేసుకుంటాను అన్నట్టు వాళ్లకు వినపడేదని తర్వాత తెలిసింది.

ఇంగ్లిష్‌లో ఫోన్ ముగింపు ఒక్క మాటతో అవదు, రెండు మూడు మెట్లు దిగాలి. సీన్‌లో ఇలా ఉంటుంది: ‘ఎనీవే, ఐ షుడ్ గెట్ గోయింగ్.’ ‘షూర్. ఇట్ వాజ్ గుడ్ టాకింగ్ టు యు.’ ‘యు టూ. టాక్ సూన్.’ ‘బై.’ ఇందులో ‘ఎనీవే’ మన ‘సరే మరి’ చేసే పనే చేస్తుంది. అది వినపడితే మాటలు ముగింపుకొచ్చాయని అర్థం, కొత్త కబురు మొదలుపెట్టకూడదు. ఎదుటి మనిషి ముందుండి సాగనంపుతున్నా ఇదే ‘ఐ షుడ్ గెట్ గోయింగ్’ పనికొస్తుంది.

డైలాగులన్నీ సరిగ్గానే చెబుతున్నాను, అయినా అర్థం మారిపోతోంది. ఎందుకు?

ఊనిక వల్ల అయ్యుండవచ్చు. తెలుగులో ఒక మాటను నొక్కి చెప్పాలంటే దానికి చిన్న అచ్చు తగిలిస్తాం. ‘నేను చేశాను’ మామూలు మాట. ‘నేనే చేశాను’ అంటే ఇంకెవరో కాదు, నేను. ‘నిన్నే వచ్చాను’ అంటే మొన్న కాదు, నిన్న. ఈ ‘ఏ’ని ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లి ‘ఓన్లీ’గా మార్చేస్తాం. ‘ఐ ఓన్లీ డిడ్’, ‘యస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్’ అన్న వాక్యాలు అలా పుట్టినవే. ఇంగ్లిష్‌లో ఆ ‘ఏ’ అక్షరంలో ఉండదు, గొంతులో ఉంటుంది. ‘ఐ డిడ్ ఇట్’లో ‘ఐ’ని సాగదీసి, కాస్త ఎత్తుగా పలికితే ‘నేనే చేశాను’ అయిపోతుంది. ‘డిడ్’ని నొక్కితే ‘చేశానండీ బాబూ, ఎందుకు నమ్మరు’ అవుతుంది. రాస్తే ఒకే వాక్యం, వింటే రెండు. ‘నిన్నే వచ్చాను’కి మాత్రం ‘ఐ జస్ట్ గాట్ హియర్ యస్టర్‌డే’ అన్న ఏర్పాటు ఉంది.

కాబట్టి సీన్ వినేటప్పుడు ప్రతి డైలాగులో ఏ మాట అన్నిటికన్నా గట్టిగా వినపడిందో కాగితం మీద గీత గీయండి. మొదటి వారం ఈ ఒక్క పని చేసినా చాలు.

ఇంగ్లిష్ డైలాగును తెలుగు లిపిలో రాసుకోవచ్చా?

మొదటి రోజు రాసుకోండి, రెండో రోజు చించేయండి. మన లిపి చాలా శబ్దాలను బాగానే పట్టుకుంటుంది గానీ, కొన్నిటిని కలిపేస్తుంది. పడమర అన్న అర్థంలో వచ్చే ‘వెస్ట్’కి పెదవులు గుండ్రంగా చుట్టాలి, లోపల వేసుకునే బనియను అన్న అర్థంలో వచ్చే ‘వెస్ట్’కి పైపళ్లు కింది పెదవిని తాకాలి. తెలుగులో రెండింటికీ ఒకే ‘వ’. రెండో చిక్కు, మన మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, పెన్ను అని చివర ఉకారం చేర్చడం అలవాటు. సీన్‌లో వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ఉకారం అడ్డుపడుతుంది. ‘పిక్ ఇట్ అప్’ అనేది నోట్లో ‘పికిటప్’ అయిపోవాలి. హల్లు వెళ్లి పక్క మాట అచ్చుతో కలిసిపోతుంది. ఇది మనకు కొత్తేం కాదు, ‘ఏమిటి అది’ని ‘ఏమిటది’ అనేవాళ్లం. ఈ పేజీలో డైలాగుల్ని తెలుగు లిపిలో ఇచ్చింది చదివే సౌకర్యం కోసమే. పలకడం మాత్రం విని నేర్చుకోవాలి.

కింద తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలా?

మొదటిసారి వద్దు. ఇద్దరి ముఖాలు చూసి సంగతేంటో ఊహించండి. రెండోసారి పెట్టుకోండి, మూడోసారి తీసేయండి. మాటకు మాట అనువదించిన సబ్‌టైటిల్ అయితే అసలే వద్దు. ‘ఐ యామ్ గుడ్’ కింద ‘నేను బాగున్నాను’ అని ఉందంటే ఆ పాఠం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోందని అర్థం.

ఇంట్లో ఒక్కణ్నే ఎలా సాధన చేయాలి?

ఒక సీన్‌కి పదిహేను నిమిషాలు చాలు. రెండుమూడు సార్లు విన్నాక, ఇద్దరిలో ఒక పాత్ర తీసుకోండి. మీ డైలాగు రాబోయే ముందు ఆపి, మీరే చెప్పండి, తర్వాత ప్లే చేసి సరిచూసుకోండి. మాట కాస్త తేడా వచ్చినా అర్థం అదే అయితే ముందుకెళ్లిపోండి. తర్వాత పాత్ర మార్చండి. చివరి ఐదు నిమిషాలు అసలైన పని: సీన్‌లో ఒకే ఒక్క సంగతి మార్చి మళ్లీ ఆడండి. నీళ్లు ఒలికించింది సహోద్యోగి కాదు, చిన్నపిల్ల అనుకోండి. లేదా ఒలికించింది మీరే, తడిసింది మీ మేనేజర్ కాగితాలు. అప్పుడు ఏ మాట నిలుస్తుంది, ఏది మారాలి? మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి ఆ సీన్‌ని చూడకుండా చెప్పండి. కొత్త సీన్ల కోసం పాతవాటిని వదిలేయడం వల్లే ఎక్కువమంది మధ్యలో ఆగిపోతున్నారు.

నిజమైన హాలీవుడ్ సినిమాలు చూసి నేర్చుకోకూడదా?

చూడండి, చెవికి మంచిదే. కానీ సినిమాలో మనుషులు మామూలు కన్నా ఎక్కువ కోపంగా, ఎక్కువ చమత్కారంగా మాట్లాడతారు. అక్కడి ఎదురు జవాబు ఆఫీసులో చెబితే ఉద్యోగం మీదకు రావచ్చు. ఏ డైలాగు నచ్చినా, దాన్ని ఎవరు ఎవరితో అన్నారో పక్కనే రాసుకోండి. శత్రువుతో అన్నదైతే పక్కన పెట్టేయండి.

వీటితో గ్రామర్ కూడా వచ్చేస్తుందా?

కొంతే. వాక్యాల వరస చెవికి అలవాటవుతుంది, అంతవరకే. ఈమెయిల్ రాయడానికి, పరీక్షకు విడిగా చదవాల్సిందే.

ఒక ఫ్రేజ్ నాకు వచ్చేసిందని ఎలా తెలుస్తుంది?

సీన్ గుర్తు చేసుకోకుండా నోటికి వస్తే వచ్చినట్టు. ఒక విద్యార్థిని నీళ్లు ఒలికిన సీన్‌ని తడబాటు లేకుండా అప్పజెప్పేది. ఒకరోజు ఆమె నోట్‌బుక్ పొరపాటున కింద పడేసి ‘ఐ యామ్ సో సారీ’ అన్నాను. ఒక్క క్షణం ఆగి ‘నో ప్రాబ్లమ్’ అంది. అది తప్పు కాదు, సారీకి ఆ జవాబు సరిపోతుంది. కానీ నేర్చుకున్న మాట సీన్ దాటి బయటకు రాలేదని తెలిసిపోయింది. అదే సీన్‌ని నీళ్లు లేకుండా, పడిపోయిన ఫోన్‌తో, ఆలస్యంగా వచ్చిన స్నేహితుడితో, తప్పు నంబరుకు చేసిన ఫోన్‌తో మార్చి మార్చి ఆడాం. రెండు వారాల తర్వాత తలుపు దగ్గర నా భుజం తగిలితే, వెనక్కి తిరగకుండానే ‘డోన్ట్ వర్రీ అబౌట్ ఇట్’ అనేసి వెళ్లిపోయింది.

అసలు ఇంగ్లిష్‌లో లేని తెలుగు మాటలకు ఏం చేయాలి?

‘మీరు మీ ఇంట్లో ఎన్నో సంతానం?’ అన్నది దీనికి మంచి ఉదాహరణ. ‘ఎన్నో’కి ఇంగ్లిష్‌లో సూటిగా సరిపోయే మాట లేదు. ఇలాంటప్పుడు మాటను వెతకడం ఆపి, ఆ సంగతి తెలుసుకోవడానికి అక్కడి మనిషి ఏం అడుగుతాడో చూడాలి. సీన్‌లో ఇద్దరు స్నేహితులు పాత ఫొటో చూస్తుంటారు. ఒకడు ‘డు యు హ్యావ్ ఎనీ బ్రదర్స్ ఆర్ సిస్టర్స్?’ అంటాడు. ‘టూ సిస్టర్స్.’ ‘ఆర్ యు ది ఓల్డెస్ట్?’ ‘నో, ఐ యామ్ ద మిడిల్ వన్.’ రెండు చిన్న ప్రశ్నల్లో ‘ఎన్నో’ తేలిపోయింది.